స్కాన్ చేసిన ఎండు మొక్క వెనక కాగితం తీసేస్తుంటే సన్నని కాడలు కూడా పోతున్నాయి

దేవరకొండ_సైన్స్_టీచర్

మా బడి పిల్లలు ఊరి చుట్టూ ఉన్న బీళ్లలో, చెరువు కట్టల మీద మొక్కలు సేకరించి, అదిమి ఎండబెట్టి, ఎ4 డ్రాయింగ్ షీట్ల మీద అంటించారు. వాటితో చిన్న పుస్తకం వేయాలని అనుకుంటున్నాం. లోపలి పేజీలు లేత గోధుమ రంగులో, అట్ట ముదురు ఆకుపచ్చలో ఉంటాయి. అందుకే మొక్క వెనక ఉన్న కాగితం తీసేయాలి.

తంగేడు, తుమ్మ వంటి వాటితో పెద్దగా ఇబ్బంది రాలేదు. విష్ణుక్రాంత దగ్గరే ఆగిపోయాను. దాని కాడ ఎండాక దారప్పోగులా ఉంటుంది, పైగా ఒళ్లంతా తెల్లని నూగు. జింప్‌లో Fuzzy Select తో కాగితాన్ని ఎంచుకుని తొలగిస్తే కాడ మధ్యమధ్యలో తెగిపోయి చుక్కలుగా మిగులుతోంది. తెగకూడదని పరిమితి తగ్గిస్తే, కాడకు ఒక పక్కన పడిన బూడిద రంగు నీడ కూడా మొక్కతో పాటే వస్తోంది. కాడను కాపాడుతూ నీడను వదిలించుకునే దారి ఉందా? స్కాన్ 300 డీపీఐలో చేశాను, జేపెగ్‌గా దాచాను.

నల్గొండ_డీటీపీ

మేడమ్, ఇంత కష్టం అక్కరలేదు. జింప్‌లోనే Colors మెనూలో Color to Alpha ఉంది. రంగు గడిలో కాగితం రంగు పెట్టండి, ఓకే నొక్కండి. పెళ్లిపత్రికల మీద సంతకాలు, దేవుడి బొమ్మల గీతలు రోజూ అలాగే తీస్తాం. వెంట్రుకంత గీత కూడా తెగదు.

దేవరకొండ_సైన్స్_టీచర్

మీరు చెప్పినట్టే చేశాను. కాడ తెగలేదు, నిజమే. కానీ ఆకులు గాజుముక్కల్లా అయ్యాయి. వెనక ముదురు ఆకుపచ్చ పెట్టగానే అది ఆకులోంచి కనిపిస్తోంది. నీడ కూడా అలాగే ఉంది, కాస్త పలచబడింది అంతే.

నల్గొండ_డీటీపీ

అదే పెట్టెలో Opacity threshold అని మరొక గీత ఉంటుంది, దాన్ని తగ్గించండి. ఆకు గట్టిపడుతుంది. నీడ పోవాలంటే షీటును తలకిందులుగా తిప్పి మరోసారి స్కాన్ చేయండి. దీపం ఒకవైపే ఉంటుంది కాబట్టి నీడ అవతలి పక్కకు పడుతుంది. ఆ బొమ్మను 180 డిగ్రీలు తిప్పి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి పై దానికి Lighten only ఇస్తే రెండు నీడలూ మాయం.

పదవీ_విరమణ_వనపర్తి

అమ్మా, దయచేసి ఆ పని చేయకండి. అంటించి ఎండిన మొక్కను కాగితం నుంచి తీయాలని చూస్తే ముక్కలవుతుంది. తడిగుడ్డ పెడితే జిగురు వదులుతుందని కొందరు చెబుతారు, ఆకు రంగు కూడా దానితోనే పోతుంది. నేను డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ని, ఇలా పాడైన షీట్లు ఎన్నో చూశాను.

గుణుగుపువ్వు

సార్, మేడమ్ అడుగుతున్నది బొమ్మలో ఉన్న కాగితం గురించి. అసలు షీటు జోలికి ఎవరూ వెళ్లడం లేదు.

పదవీ_విరమణ_వనపర్తి

అలాగా, మంచిది. అయితే ఒక మాట మాత్రం వినండి. కాడ కాగితాన్ని అంటుకుని ఉంటే నీడ సన్నగా పడుతుంది, పైకి లేస్తే వెడల్పుగా పడుతుంది. లేచిన చోట సన్నని కాగితపు పట్టీతో అదిమి, ఒక రాత్రి పుస్తకాల కింద పెట్టి, ఆ తరువాత స్కాన్ చేయండి. పక్కన ఒక స్కేలు కూడా పెట్టండి. కాగితం తీసేశాక విష్ణుక్రాంత ఆకు ఎంతుందో, మర్రి ఆకు ఎంతుందో చూసేవాడికి తెలియదు.

గుణుగుపువ్వు

స్కేలు మాట అక్షరాలా నిజం. కాగితం ఉన్న అసలు స్కాన్‌ను కూడా ఎప్పుడూ చెరపకండి, మేడమ్. అందులోనే పేరు, స్థలం, తేదీ ఉంటాయి.

ఇక మీ ప్రశ్న. సాఫ్ట్‌వేర్ కన్నా ముందు స్కాన్ మార్చాలి. 300 డీపీఐలో మిల్లీమీటరుకు సుమారు 12 పిక్సెళ్లు వస్తాయి. విష్ణుక్రాంత కాడ 0.3 మిల్లీమీటర్లు అనుకుంటే మీకు దొరికేది మూడున్నర పిక్సెళ్లు. అందులో రెండు అంచుల పిక్సెళ్లూ సగం కాడ, సగం కాగితం. అచ్చమైన కాడ రంగు ఉన్నవి ఒకటో రెండో. నూగు ఉన్న చోట అవీ లేతబడతాయి, అక్కడే మీ కాడ తెగుతోంది. 600 డీపీఐలో చేస్తే ఏడు పిక్సెళ్లు వస్తాయి, పని జరుగుతుంది. ముద్రణకు 300 చాలంటే అంతా అయ్యాక చివర్లో తగ్గించుకోండి.

జేపెగ్ మాత్రం అస్సలు వద్దు. అది మామూలుగా వెలుగును పూర్తిగా దాచి, రంగును సగం కొలతలోనే దాస్తుంది. సన్నని కాడ రంగు పక్కనున్న కాగితంలోకి కారిపోతుంది. మనం చేయబోయే పనంతా రంగు మీదే ఆధారపడింది. టిఫ్‌గా గానీ పీఎన్‌జీగా గానీ దాచండి. స్కానర్ ప్రోగ్రాంలో పదును పెంచే ఎంపిక ఉంటే ఆపేయండి, అది కాడ చుట్టూ తెల్లని గీత గీస్తుంది.

డీటీపీ అన్న చెప్పిన రెండు స్కాన్ల ఉపాయం సిద్ధాంతపరంగా సరైనదే. కానీ రెండు బొమ్మలూ పిక్సెల్ తేడా లేకుండా కుదరాలి. రెండు పిక్సెళ్లు జరిగితే Lighten only ప్రతిచోటా లేత పిక్సెల్‌నే ఉంచుతుంది కాబట్టి కాడకు ఒక పక్క నుంచి రెండు పిక్సెళ్లు కోత పడుతుంది. ఏడు పిక్సెళ్ల కాడ ఐదవుతుంది. వెడల్పాటి ఆకులకు పరవాలేదు, విష్ణుక్రాంతకు మాత్రం కాదు.

కొత్త స్కాన్ చేశాక ఒక పని చేయండి. Color Picker తో మూడు చోట్ల రంగు చదవండి: శుభ్రమైన కాగితం, నీడ, కాడ నడిమి భాగం. మూడింటికీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు 0 నుంచి 255 లెక్కలో ఇక్కడ రాయండి.

దేవరకొండ_సైన్స్_టీచర్

600లో టిఫ్ చేశాను. చదివిన విలువలు ఇవి.

కాగితం: 244, 238, 222
నీడ: 180, 176, 164
కాడ: 128, 110, 70

గుణుగుపువ్వు

చక్కగా వచ్చాయి. ఇప్పుడు నీలం ఒక్కదాన్నే చూడండి. కాగితం 222, నీడ 164, కాడ 70. తేడా బాగా ఉంది, ఇది చాలనిపిస్తుంది. కానీ కాడ అంచున సగం కాగితం, సగం కాడ కలిసిన పిక్సెల్ నీలం విలువ 146 వస్తుంది. నీడ 164. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. గీత ఎక్కడ గీసినా అంచు పోతుంది, లేదా నీడ మిగులుతుంది. మీకు జరిగింది అదే.

ఇప్పుడు నీలాన్ని ఎరుపుతో భాగించండి. కాగితం 222/244, అంటే 0.91. నీడ 164/180, అదీ 0.91. నీడ అంటే తగ్గిన వెలుగే కదా, మూడు రంగులనూ ఒకే వంతున తగ్గిస్తుంది కాబట్టి నిష్పత్తి మారదు. కాడ 70/128, దాదాపు 0.55. ఎండిన ఆకులో మిగిలిన పచ్చదనం, గోధుమ రంగు నీలి కాంతిని ఎక్కువగా మింగుతాయి, ఎరుపును అంతగా మింగవు. అందుకే ఈ తేడా. 255 లెక్కలో చెప్పాలంటే కాగితం 232, నీడ 232, కాడ 139, సగం కలిసిన అంచు సుమారు 200. నీడ కాగితంలో కలిసిపోయింది, అంచు విడిగా నిలిచింది.

జింప్‌లో చేసే తీరు ఇది. Colors > Components > Decompose లో RGB ఎంచుకుని, లేయర్లుగా విడగొట్టమనండి. కొత్త బొమ్మలో మూడు బూడిద రంగు లేయర్లు వస్తాయి. ఆకుపచ్చ లేయర్ కన్ను మూసేయండి. నీలం అడుగున, ఎరుపు పైన ఉండాలి. పైనున్న ఎరుపుకు Divide మోడ్ ఇవ్వండి. అడుగు లేయర్‌ను పై లేయర్ భాగిస్తుంది, తారుమారు చేస్తే బొమ్మంతా తెల్లగా వస్తుంది. సరిగ్గా పెడితే తెల్లని కాగితం మీద ముదురు మొక్క ఒక్కటే కనిపించి, నీడ కనిపించకుండా పోవాలి. తరువాత Layer > New from Visible.

ఆ కొత్త లేయర్ మీద Levels తెరిచి, ఎడమ త్రికోణం 140 దగ్గర, కుడిది 226 దగ్గర పెట్టండి. కాగితం 232 అయినా 226 పెట్టమన్నది, కాగితం గరుకుదనం చుక్కలుగా రాకుండా. అప్పుడు మధ్య విలువ 1 గా ఉంచేస్తే అంచు పిక్సెల్ 30 శాతమే మిగులుతుంది. అది సగం మొక్క కదా, 50 శాతం ఉండాలి. మధ్య విలువను 0.5 దాకా దించండి, అంచు సరిపోతుంది. కాడలు సన్నబడకుండా నిలబెట్టేది ఈ ఒక్క మార్పే. ఆపైన Colors > Invert చేసి, కాపీ చేసి, అసలు బొమ్మకు లేయర్ మాస్కు పెట్టి అందులో అతికించండి.

పాలమూరు_పూలమ్మ

నాదీ ఇలాంటి గొడవే, నడుమ దూరినందుకు క్షమించండి. బతుకమ్మ పూలన్నీ అదిమి ఎండబెట్టి స్కాన్ చేశాను. తంగేడు పువ్వు ఎరుపు చానెల్‌లో కాగితంలో కలిసిపోయింది, కానీ మీ భాగహారంతో అచ్చు తీసినట్టు వచ్చింది. గుణుగు మాత్రం పూర్తిగా మాయమైంది! గులాబీ కొన మాత్రం అక్కడక్కడా మిగిలింది. మీ పేరు చూసి మిమ్మల్నే అడుగుతున్నాను.

గుణుగుపువ్వు

పేరు పెట్టుకున్నందుకు శిక్ష అనుభవించక తప్పదు కదా.

తంగేడు పసుపు నీలి కాంతిని పూర్తిగా మింగి, ఎరుపును దాదాపు కాగితమంత వెనక్కి పంపుతుంది, కాబట్టి దానికి ఈ పద్ధతి తిరుగులేనిది. గుణుగు గులాబీ కొనకు నీలం సరిపోదు, ఎందుకంటే గులాబీ రంగు మింగేది ఎక్కువగా ఆకుపచ్చ కాంతినే. అడుగున నీలం బదులు ఆకుపచ్చ లేయర్ పెట్టి చూడండి, కొన బాగా తేలుతుంది. కింది వెండి రంగు భాగం మాత్రం కాగితం రంగే. ఏ చానెల్‌ను దేనితో భాగించినా రాదు. పువ్వు ఇంకా అంటించకపోతే నల్లని కాగితం మీద పెట్టి మళ్లీ స్కాన్ చేయండి. అంటించేసి ఉంటే Paths టూల్‌తో చేత్తో గీయడమే.

పాలమూరు_పూలమ్మ

అంటించేశాను. గీస్తాను మరి. ఆకుపచ్చతో కొన వచ్చింది.

దేవరకొండ_సైన్స్_టీచర్

నీడ పోయింది! కాడ పైనుంచి కిందిదాకా ఒకే గీతగా ఉంది. కానీ ముదురు ఆకుపచ్చ మీద పెట్టి దగ్గరికి తెచ్చి చూస్తే రెండు లోపాలు కనిపిస్తున్నాయి. కాడకు రెండు పక్కలా వెంట్రుకంత తెల్లని అంచు ఉంది. కాగితం మీది ధూళి చుక్కలు కూడా అక్కడక్కడా మిగిలాయి. చుక్కల కోసం Despeckle వాడితే కాడ మళ్లీ తెగింది.

నల్గొండ_డీటీపీ

తెల్ల అంచుకు మాస్కును ఒక పిక్సెల్ లోపలికి కుదించండి మేడమ్, పోతుంది. మేము ఎప్పుడూ చేసేది అదే.

గుణుగుపువ్వు

మనుషుల ఫోటోకు అది సరిపోతుంది అన్నా. ఏడు పిక్సెళ్ల కాడకు రెండు వైపులా ఒక్కొక్కటి కోస్తే ఐదు మిగులుతాయి, నూగున్న చోట అంతకన్నా తక్కువ.

ఆ అంచు పిక్సెల్ పారదర్శకత సరిగ్గానే ఉంది, రంగే సరిగ్గా లేదు. అందులో సగం కాగితం తెలుపు ఇంకా ఉంది. కాబట్టి మాస్కును ముట్టుకోకుండా కింది రంగును మార్చాలి. లేయర్ల పట్టికలో మాస్కు కాకుండా అసలు బొమ్మను ఎంచుకుని, Filters > Distorts > Value Propagate తెరవండి. అందులో ముదురు రంగును బయటికి పాకించే ఎంపిక ఉంటుంది, దాన్ని రెండుసార్లు నడపండి. కాడ గోధుమ రంగు రెండు పిక్సెళ్లు బయటికి పాకి, తెలుపు ఉన్న చోటును కప్పేస్తుంది. ఆకారం మాస్కు చేతిలో ఉంది కాబట్టి కాడ లావెక్కదు. ఆకు లోపలి ఈనెలు మాత్రం మొద్దుబారతాయి. అందుకని ముందే లేయర్‌కు నకలు తీసి, నకలును అడుగున పెట్టి, ఈ ఫిల్టర్ దాని మీదే నడపండి. పై లేయర్ మాస్కును కాస్త లోపలికి కుదించండి, అడుగున పూర్తి మాస్కుతో ఉన్నది అంచును మోస్తుంది.

చుక్కల సంగతి. Despeckle అయినా మీడియన్ అయినా చుట్టూ ఉన్న పిక్సెళ్లలో ఎక్కువమంది మాట వింటాయి. సన్నని గీత తన చుట్టూ ఎప్పుడూ తక్కువ సంఖ్యలోనే ఉంటుంది కాబట్టి చుక్కతో పాటు కాడ కూడా పోతుంది. ధూళికీ కాడకూ తేడా వెడల్పు కాదు, కాడ చాలా దూరం అతుక్కుని పోతుంది, చుక్క విడిగా ఉంటుంది. అలా విడిగా ఉన్న చిన్న ముక్కలను మాత్రమే తీసేయమని ఇమేజ్‌మ్యాజిక్‌కు చెప్పవచ్చు. మాస్కును mask.png గా దాచి, కమాండ్ లైన్‌లో ఇది నడపండి.

```
magick mask.png -threshold 30% \
  -define connected-components:area-threshold=150 \
  -define connected-components:mean-color=true \
  -connected-components 8 -morphology Dilate Disk:3 keep.png
magick mask.png keep.png -compose Multiply -composite final.png
```

ఇందులో 8 ముఖ్యం. 4 అని రాస్తే మూలమూలగా తగిలే పిక్సెళ్లను అతుక్కున్నట్టు లెక్కించదు. ఏటవాలుగా పోయే సన్నని కాడ ముక్కముక్కలుగా కనిపించి, మొత్తం ధూళి లెక్కలో కొట్టుకుపోతుంది. 150 అన్నది ముక్క వైశాల్యం పిక్సెళ్లలో. 600 డీపీఐలో అది పావు చదరపు మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ. మీ షీటులో రాలిపోయిన చిన్న రేకు విడిగా ఉంటే అది అంతకన్నా పెద్దదో కాదో చూసుకోండి. Dilate పెట్టింది మెత్తని అంచులు కోసుకుపోకుండా. విండోస్‌లో అయితే వరుస చివర ఉన్న అడ్డగీతలు తీసేసి, ఒక్కో ఆదేశాన్ని ఒకే వరుసలో రాయండి.

నల్లమల_నడక

ఇంతసేపూ చదివాను. ఒక సందేహం. లోపలి పేజీలు లేత గోధుమ రంగు అన్నారు కదా. వాటికి కాగితం కోయడం ఎందుకు? Levels లో కాగితాన్ని పూర్తి తెలుపు చేసి, లేయర్‌ను Multiply లో పెట్టండి. తెలుపు దానంతటదే పోతుంది, కాడలు, నూగు ఎక్కడివక్కడ ఉంటాయి, మాస్కే అక్కరలేదు. అచ్చంపేట వైపు అడవిలో సేకరించిన గడ్డిజాతులన్నీ నేను అలాగే వేశాను. గడ్డి వెన్నుల మీది ముళ్లు ఏ మాస్కుకూ దొరకవు.

గుణుగుపువ్వు

లేత పేజీలకు అది నిజంగా మంచి దారి. రెండు హద్దులున్నాయి. నీడ అలాగే ఉండిపోతుంది. వెనక రంగు ముదిరే కొద్దీ మొక్క చీకటిలోకి పోతుంది, ముదురు ఆకుపచ్చ అట్ట మీద అయితే దాదాపు కనిపించదు. పైగా ముద్రణకు పంపే ముందు పేజీని ఒకే బొమ్మగా చదును చేయాలి, లేకపోతే కొన్ని ప్రెస్సుల్లో Multiply పోయి తెల్లని పెట్టె వస్తుంది.

నల్గొండ_డీటీపీ

ఆ తెల్ల పెట్టె మాకు బాగా తెలుసు. పీడీఎఫ్ ఇచ్చేవాళ్లకు ముందే చెబుతుంటాం.

నల్లమల_నడక

నీడ ఉంటే ఏమవుతుంది? లేత పేజీ మీద నీడ ఉంటేనే మొక్క కాగితం మీద పడుకున్నట్టు ఉంటుంది. కత్తిరించిన మొక్క గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది నాకు.

గుణుగుపువ్వు

అది అభిరుచి, నేను వాదించను. ఒకే పేజీలో పది మొక్కలు వేసి, పదింటికీ నీడ ఒక్కో దిక్కుకు పడితే మాత్రం చూడలేం.

దేవరకొండ_సైన్స్_టీచర్

లోపలి పేజీలకు Multiply, అట్టకు మాస్కు అని నిర్ణయించుకున్నాం. అట్ట మీద విష్ణుక్రాంత కాడ నిలిచింది, అంచు తెలుపు పోయింది. నూగు మాత్రం సగమే వచ్చింది. పెద్దగా చేసి చూస్తే తెలుస్తుంది, అట్ట కొలతలో తెలియదు.

ఇంకొక చిక్కు. పిల్లలు వానాకాలంలో ఎండబెట్టిన నేల ఉసిరి ఆకులు కొన్ని నల్లబడ్డాయి. వాటి రంగు 60, 55, 52. లెక్క వేస్తే నిష్పత్తి 0.87, కాగితానికి దగ్గరగా ఉంది. మాస్కులో ఆ ఆకుల చోట చిల్లులు పడ్డాయి.

గుణుగుపువ్వు

నలుపుకు రంగు లేదు, అందుకే నిష్పత్తికి చిక్కదు. రెండో మాస్కు చేయండి. నీలి చానెల్‌లో 120 కన్నా ముదురుగా ఉన్నదంతా మొక్క అనుకోండి. మీ నీడ 164 దగ్గరే ఆగింది కాబట్టి అందులోకి రాదు. ఈ మాస్కును మొదటి మాస్కు మీద Lighten only లో కలపండి. కాడ కణుపు దగ్గర, ఆకులు ఒకదాని మీద ఒకటి పడిన చోట నీడ 120 కన్నా కిందికి దిగవచ్చు. అక్కడ మాత్రం చేత్తో తుడవాలి.

పదవీ_విరమణ_వనపర్తి

నల్లబడటానికి కారణం వత్తుకాగితం మార్చకపోవడం. వానాకాలంలో మొదటి మూడు నాలుగు రోజులు రోజూ మార్చాలి. నేల ఉసిరి ఎండేటప్పుడు చిట్టి ఆకులు రాలిపోయే గుణం కూడా ఉంది. కోసిన వెంటనే మరిగే నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, తడి తుడిచి, ఆ తరువాత అదమండి. రాలడం తగ్గుతుంది.

పాలమూరు_పూలమ్మ

సార్, మరిగే నీళ్లలో ముంచితే రంగు పోదా?

పదవీ_విరమణ_వనపర్తి

కొన్ని సెకన్లే ముంచాలి. ఆకు రంగులో కొంత మార్పు వస్తుంది, పువ్వులకు మాత్రం ఆ పని చేయకండి. మీ గుణుగుకు అవసరమే లేదు, అది ఎలా పెట్టినా ఎండుతుంది.

దేవరకొండ_సైన్స్_టీచర్

రెండో మాస్కుతో ఆకుల్లో చిల్లులు పూడాయి. కణుపుల దగ్గర నీడ ఉంది, తుడుస్తున్నాను. కొత్త నేల ఉసిరి కోసం పిల్లలను మళ్లీ పంపాలి, ఈసారి వత్తుకాగితాలు మార్చే వంతులు ముందే రాసిపెడతాను. నూగును పూర్తిగా పట్టే దారి ఎవరికైనా దొరికితే ఇక్కడ రాయండి, అసలు టిఫ్ దాచే ఉంచుతాను.